చేతులు కలిపితే సరిపోతుందా?

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ఆ ఇద్దరినీ ముందుకు పిలిచి, అతని చేతిలో ఆమె చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది మేమే. భర్తతో తెగదెంపులు చేసుకుని ఆమె పుట్టింట్లో ఉండబట్టి అప్పటికి అయిదు నెలలు. సంఘం ముందు అతను ఏడ్చాడు, ఆమె ఏడ్చింది, పెద్దలూ కళ్లు తుడుచుకున్నారు. భోజనాలు పెట్టి, ఆమె సామాను ఆటోలో ఎక్కించి అత్తింటికి పంపించాం. దేవుడు ఒక కుటుంబాన్ని నిలబెట్టాడని ఆ తర్వాత రెండు మూడు కూడికల్లో సాక్ష్యంగా చెప్పుకున్నాం కూడా. సరిగ్గా నాలుగో నెలలో ఆమె మళ్లీ పుట్టింటికి చేరింది. ఈసారి ఆమె చెవులకు కమ్మలు కూడా లేవు.

మేము సేవలో ఉన్న దంపతులం. విడిపోయిన భార్యాభర్తలను కలపడం మా పనిలో భాగమనే ఇన్నేళ్లూ అనుకున్నాం. ఆ రోజు మేము అడిగిన ప్రశ్నలు రెండే. అతన్ని ‘తప్పు ఒప్పుకుంటున్నావా?’ అని అడిగాం. ఆమెను ‘క్షమించావా?’ అని అడిగాం. ఇద్దరూ అవునన్నారు. అబద్ధమాడలేదు కూడా. అతను నిజంగానే ఒప్పుకున్నాడు, ఆమె నిజంగానే క్షమించింది. కానీ ఆమె వెళ్లిపోవడానికి కారణమైన పరిస్థితి మళ్లీ వస్తే ఏం జరుగుతుందని మేము అడగలేదు. వాళ్లిద్దరి అనుమతితో, ఆనవాళ్లు తెలియకుండా ఈ సంగతి రాస్తున్నాం. మేము చేసిన పొరపాటు చాలా సంఘాల్లో జరుగుతున్నదే.

పరిశుద్ధ గ్రంథంలో ఇలాంటి కలయిక ఒకటుంది. ఆదివారం ప్రసంగాల్లో అది వినిపించడం చాలా అరుదు. న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయంలో ఒక లేవీయుని ఉపపత్ని అతన్ని విడిచి బేత్లెహేములోని తండ్రి ఇంటికి వెళ్లి నాలుగు నెలలు ఉంటుంది. ఎందుకు వెళ్లిందన్న విషయంలో ప్రాచీన ప్రతులే ఒక మాట మీద లేవు. హెబ్రీ ప్రతి ఆమె మీద వ్యభిచార దోషం మోపితే, కొన్ని గ్రీకు ప్రతులు ఆమె అతని మీద కోపగించిందని మాత్రమే అంటాయి. ఏమైతేనేం, అతను ఆమెతో ప్రేమగా మాట్లాడి తిరిగి తెచ్చుకోవాలని పనివాణ్ని, రెండు గాడిదలను వెంటబెట్టుకుని బయలుదేరతాడు. ఉద్దేశం మంచిదే. మామ సంతోషంగా ఎదురొస్తాడు. మూడు రోజులు విందు. నాలుగో రోజు లేచి బయలుదేరబోతే ఇంకో రోజు ఉండమంటాడు. అయిదో రోజూ అంతే. తిన్నారు, తాగారు, మాట్లాడుకున్నారు. అయితే మాట్లాడుకున్నది మామా అల్లుడూ. ఆమె ఒక్క మాట అన్నట్టుగానీ, ఆమెతో అతను ఒక్క మాట అన్నట్టుగానీ ఆ అయిదు రోజుల కథలో లేదు.

ఆ తర్వాత గిబియాలో ఆ రాత్రి ఏం జరిగిందో చదివినవారికి తెలుసు. దుర్మార్గులు ఇంటిని చుట్టుముడితే, అతను తన ప్రాణం కాపాడుకోవడానికి ఆమెను పట్టుకుని బయటికి నెట్టాడు. తెల్లవారాక గడప మీద చేతులు చాచి పడివున్న ఆమెను చూసి, లే, వెళ్దాం అంటాడు. ఆ కథలో అతను ఆమెతో అన్నట్టు రాసివున్నది ఆ మాట ఒక్కటే. ఆమె నుంచి జవాబు రాలేదు.

ఈ అధ్యాయం చదివినప్పుడల్లా ఆ ఆదివారం మేము పెట్టిన భోజనాలే గుర్తొస్తాయి. అటువైపు పెద్దలు, ఇటువైపు పెద్దలు, మధ్యలో మేము గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. ఆమెను మాత్రం వంటగది గుమ్మం దగ్గర నిలబెట్టి ఒక్క ప్రశ్న అడిగాం. మామా అల్లుళ్లు రాజీపడితే ఆలూమగలు కలిసినట్టు కాదు.

మరి కలయిక నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది? దీనికి మాకు దారి చూపింది యోసేపు. ఆదికాండం 42 నుంచి 45వ అధ్యాయం వరకు మళ్లీ ఒకసారి నిదానంగా చదవమని మనవి. పదిహేడేళ్ల కుర్రాణ్ని అన్నలు ఇరవై వెండి నాణేలకు అమ్మేశారు. దాదాపు ఇరవై రెండేళ్ల తర్వాత వాళ్లే ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చి అతని ముందు సాగిలపడ్డారు. అతను వెంటనే గుర్తుపట్టాడు. వాళ్లు తమ తప్పు గురించి తమలో తాము చెప్పుకుంటుంటే విని పక్కకు వెళ్లి ఏడ్చాడు. అంటే మనసులో మెత్తబడటం మొదటి ప్రయాణంలోనే జరిగింది. అయినా ‘నేనే యోసేపును’ అని చెప్పలేదు. షిమ్యోనును ఆపుకున్నాడు. చిన్న తమ్ముణ్ని తీసుకురమ్మన్నాడు. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు భోజనంలో బెన్యామీనుకు మిగిలినవాళ్లకంటే అయిదు రెట్లు వడ్డించి చూశాడు. ఒకప్పుడు ఒక్కడికే రంగురంగుల అంగీ దక్కితే కుళ్లుకున్నవాళ్లు ఇప్పుడు ఏం చేస్తారు? చివరికి తన వెండి గిన్నెను బెన్యామీను గోతంలో పెట్టించి, ఇతను ఒక్కడూ ఉంటే చాలు, మీరంతా క్షేమంగా వెళ్లిపొండి అన్నాడు.

చూడండి, ఇది పాత పరిస్థితే. రాహేలు కొడుకును ఒక్కణ్ని వదిలేస్తే తాము హాయిగా ఇంటికి పోవచ్చు. మొదటిసారి అలాగే పోయారు. ఈసారి యూదా ముందుకొచ్చి, ఈ చిన్నవాడికి బదులు నన్ను బానిసగా ఉంచుకొమ్మని బతిమాలాడు (ఆది 44:33). ఒకప్పుడు తమ్ముణ్ని అమ్మేద్దామని సలహా ఇచ్చింది ఇదే యూదా (ఆది 37:26, 27). యోసేపు ఇక తనను తాను అణచుకోలేకపోయింది అప్పుడే. అన్నలు ఎంత ఏడ్చారని అతను లెక్క చూడలేదు. అదే మలుపు దగ్గర వేరే దారి తొక్కారా అన్నది చూశాడు.

ఇందులో ఇంకో సంగతి మాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ యోసేపు క్షేమంగా ఉన్నాడు. అన్నలు మారకపోయినా అతన్ని మళ్లీ గుంటలో పడవేయలేరు. మనం మాత్రం దీన్ని తలకిందులు చేస్తాం. దెబ్బతిన్న మనిషిని ముందు ఆ ఇంట్లోకి పంపించేసి, అతను మారాడో లేదో అక్కడుండి చూసుకో అంటాం. యోసేపును మళ్లీ గుంటలోకి దింపి, అన్నలు తాడు వేస్తారో లేదో చూద్దామన్నట్టుంది ఇది. (యోసేపులా ఎవరి సంచిలోనూ గిన్నెలు దాచమని మేము చెప్పడం లేదు. ఆ అవసరం రాదు. పాత పరిస్థితిని జీవితమే నెల తిరిగేసరికి తెచ్చి ముందు పెడుతుంది.)

ఇక మా దంపతుల సంగతికి వస్తాం. రెండోసారి విడిపోయిన రెండు నెలలకు అతను మా ఇంటికొచ్చి, ‘అయ్యగారూ, మళ్లీ కలపండి’ అన్నాడు. గొడవంతా అప్పుల గురించి. అతనికి ఒక ప్రైవేటు కంపెనీలో నెలకు 26,000 జీతం. ఆమె స్కూల్లో టీచరు. భార్యకు చెప్పకుండా అప్పు చేయడం, అది తీర్చడానికి ఇంకో అప్పు చేయడం, అదీ కుదరకపోతే ఆమె నగలు తాకట్టు పెట్టడం, ఆమె అడిగితే కంచం విసిరి బయటికి పోవడం అతనికి అలవాటు. మొదటిసారి బీరువాలో గొలుసు, గాజులు లేవని ఆమె కనిపెట్టింది. రెండోసారి కమ్మలు పోయాయి.

ఈసారి మేము ఆమెను ముందు విడిగా అడిగాం. ‘అమ్మగారూ, ఆయనంటే నాకు కోపం లేదు. ఒకటో తారీఖంటేనే భయం’ అంది. మొదటిసారి మేము పట్టించుకోనిది ఇదే. ఆమె పుట్టింట్లోనే, తన ఉద్యోగం చేసుకుంటూ, తన జీతం తన ఖాతాలోనే ఉంచుకునేట్టు, అతను ప్రతినెలా జీతం వచ్చిన సాయంత్రం మా ఇంట్లో ఆమె ముందు లెక్క పెట్టేట్టు అనుకున్నాం. ఎన్ని నెలలన్నది ముందుగా చెప్పలేదు. గడువు చెబితే మనిషి మారకుండా గడువు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

మొదటి సాయంత్రం ఒక కాగితం తెచ్చాడు. బంగారం మీద బ్యాంకులో 1,20,000, ఫోన్ యాప్‌లలో తీసుకున్నవి 60,000, మొత్తం 1,80,000. మా పెద్దల్లో ఒకాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన అతని క్రెడిట్ రిపోర్టు తీయించారు. ప్రతి క్రెడిట్ సంస్థా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది. రిపోర్టులోనూ సరిగ్గా ఆ రెండే ఉన్నాయి. మేము సంతోషించాం, నిజం చెప్పాడని. ఆ పెద్దాయన మాత్రం సంతోషించలేదు. ‘కాగితంలో ఎలాగూ దొరికేవే చెప్పాడు. ప్రోనోట్లు, చేబదుళ్లు ఇందులో కనపడవు’ అన్నారు. అతన్ని నిలదీయబోతే మమ్మల్ని ఆపారు. మనం పట్టుకుంటే అది దొరికిపోవడమే, తనంతట తాను చెబితేనే ఒప్పుకోవడం, కాస్త ఆగండి అన్నారు.

రెండో నెల లెక్క అయ్యాక అతను లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ప్రోనోటు మీద 1,50,000 ఉందన్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు 3,000. ప్రోనోటు రాసి మూడేళ్లు నిండితే కోర్టులో వసూలు చేసుకోవడం కష్టం కనుక, అప్పిచ్చినాయన ఆ లోపలే తిరిగి రాయించుకున్నాడట. అంటే ఈ అప్పు మొదటి గొడవకంటే పాతది. స్నేహితుల దగ్గర చేబదుళ్లు మరో 80,000. మొత్తం 4,10,000 తేలింది. ఆమె మొహం పాలిపోయింది. ఆ రాత్రి ఇంతటితో చాలు, ఇక కలవనంటుందేమోనని భయపడ్డాం. చాలాసేపటికి ఆమె ఒక మాటంది. ‘నేను వెతక్కుండా ఆయన చెప్పడం ఇదే మొదలు.’ మేము గుర్తించకముందే తేడాను ఆమె గుర్తించింది.

మూడో నెలలో పరీక్ష దానంతటదే వచ్చింది. అతని చెల్లెలు ఇంట్లో శుభకార్యానికి 50,000 సర్దమని అడిగింది. పాత రోజుల్లో అయితే చెల్లెలి ముందు తల దించుకోలేక, సరేనని చెప్పి రాత్రికి రాత్రి ఎక్కడో తెచ్చేవాడు. అతని అప్పుల్లో సగం అలా పుట్టినవే. మనిషి చెడ్డవాడై కాదు, లేదు అనే మాట నోటికి రాక. (మన ఇళ్లల్లో ఎన్ని అప్పులు ఈ ఒక్క మాట రాకనే పుడుతున్నాయో!) ఈసారి ముందు భార్యకు ఫోన్ చేశాడు. తర్వాత చెల్లెలికి చేసి, నా దగ్గర లేవమ్మా, ఉన్న అప్పులే తీర్చుకుంటున్నా అన్నాడు. వాళ్ల అమ్మ రెండు వారాలు అతనితో సరిగా మాట్లాడలేదు. మాకు అతని మీద నమ్మకం కుదిరింది ఆ రెండు వారాల్లోనే. మారడం వల్ల అతనికి నష్టం వచ్చింది, ఆ నష్టాన్ని భరించాడు. అప్పటిదాకా అతను కార్చిన కన్నీళ్లకు ఖర్చేమీ లేదు.

అన్నీ సజావుగా సాగాయని కాదు. నాలుగో నెలలో ఆమె ఏదో రసీదు అడిగితే గొంతు పెంచాడు. ‘ఇంకా నమ్మవా? దేవుడే క్షమించాడు కదా’ అన్నాడు. ఈ మాట ఎక్కడ వినపడినా జాగ్రత్తపడాలని అనుభవం మీద చెబుతున్నాం. నిజంగా మారిన మనిషికి రసీదు చూపించడం చిన్నతనంగా అనిపించినా చూపిస్తాడు. మారనివాడు వాక్యం చూపిస్తాడు. అతను ఆ సాయంత్రం కోపంగా వెళ్లిపోయి, మర్నాడు పొద్దున్నే రసీదు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. కంచం విసిరిన రోజుల్లో అతను మూడేసి రోజులు ఇంటికి వచ్చేవాడు కాదట. తప్పు మళ్లీ జరిగినా వెనక్కి తిరిగే దూరం తగ్గింది. మేము దాన్ని మార్పుగానే లెక్కవేశాం.

ఇదంతా చూసి సంఘంలో కొందరు మమ్మల్ని గట్టిగానే అడిగారు. డెబ్బై ఏళ్ల మారులు క్షమించమని ప్రభువు చెప్పలేదా, మీరు నెలల తరబడి లెక్కలు చూస్తారేమిటి అని. క్షమించడం వేరు, ఇంటి తాళం చేతికివ్వడం వేరు. మొదటిది ఆమె దేవునితో తేల్చుకోవలసింది, అది ఆమె ఎప్పుడో చేసింది. రెండోది ఎదుటివాడి నడవడిని బట్టి ఉంటుంది. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలని అడిగినవాళ్లకు ఆయన ఏడవమని చెప్పలేదు. సుంకరులకు వసూళ్ల సంగతి, సైనికులకు జీతం సంగతి, ఎవరు ఎక్కడ తప్పుతున్నారో అక్కడే చెయ్యి పెట్టి చెప్పాడు (లూకా 3:10-14). భార్యాభర్తలు విడిగా ఉండటమే పాపం కాబట్టి వెంటనే కలపాలని ఇంకొందరన్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు, విడిపోయిన స్త్రీ మరో పెళ్లి చేసుకోకుండా ఉండాలి లేదా భర్తతో సమాధానపడాలి అంటాడు. ఎన్ని రోజుల్లో అని గడువు పెట్టలేదు.

‘తప్పు ఇద్దరిదీ, చెరో మెట్టు దిగండి’ అనే మాట కూడా మా నోట చాలాసార్లు వచ్చింది. పంచాయితీ త్వరగా ముగించడానికి అది చాలా వీలైన మాట. ఈ కేసులో ఆమె దిగవలసిన మెట్టేమీ లేదని ఒప్పుకోవడానికి మాకు రెండు విడిపోవడాలు పట్టాయి.

ఆమె అన్నయ్యకు ఇంకో భయం ఉండేది. మళ్లీ కాపురానికి వెళ్తే పాత తప్పులన్నీ మాసిపోయినట్టేనని, రేపు కోర్టుకెళ్లినా ఆమె మాట చెల్లదని. మా సంఘంలోని లాయరు ఒకరు వివరించారు. 1975లో దాస్తానే దంపతుల కేసులో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నను విచారించింది. చట్టం దృష్టిలో మన్నించడమంటే తప్పును క్షమించడం, భాగస్వామిని పాత స్థానంలోకి తిరిగి తీసుకోవడం, ఈ రెండూ కలిసి ఉండాలని చెప్పింది. ఆ మన్నింపు ఎప్పుడూ ఒక షరతుకు లోబడే ఉంటుందని, మళ్లీ తప్పు చేస్తే పాత తప్పుకు కూడా ప్రాణం వస్తుందని తేల్చింది. అది హిందూ దంపతుల కేసు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలోనూ మన్నింపు ప్రస్తావన ఉంది. ఎవరి సంగతి వారు లాయరును అడిగి తెలుసుకోవలసిందే గానీ, తిరిగి వెళ్లడమంటే నోరు కుట్టేసుకోవడమని మాత్రం భయపడనక్కర్లేదు.

ఒక్క విషయంలో ఈ పద్ధతంతా పనికిరాదు. చెయ్యి చేసుకునే మనిషి దగ్గర నెలనెలా లెక్కలూ, ఎదురెదురు కూర్చోబెట్టడాలూ పెట్టకూడదు. కొట్టిన మనిషి మారాడో లేదో చూడటానికి ఆమె ఒళ్లు పరీక్ష స్థలం కాకూడదు. అక్కడ ముందు కావలసింది ఆమె ప్రాణానికి భద్రత. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమని మేమే చెబుతాం. అవసరమైతే మేమే చేస్తాం. లేవీయుడితో ఆమెను గాడిదనెక్కించి పంపిన తండ్రి పాత్ర ఇంకోసారి మాకు వద్దు.

ఏడో నెలలో ఆమె తానే వచ్చి, వెళ్తానండీ అంది. యాప్ అప్పులు అప్పటికి తీరిపోయాయి. అత్తగారింటికి కాకుండా ఆమె స్కూలు దగ్గర చిన్న అద్దె ఇంటికి వెళ్లారు. అలా కావాలని అడిగింది ఆమే. ఈసారి సంఘం ముందుకు పిలవలేదు, చేతులు కలపలేదు, భోజనాలు పెట్టలేదు. ఒక సాయంత్రం మేమిద్దరం వెళ్లి వాళ్లింట్లో టీ తాగి, చిన్న ప్రార్థన చేసి వచ్చాం.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. కమ్మలు, గాజులు విడిపించుకున్నారు, గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. ప్రోనోటు మీద 70,000 మిగిలింది. ఆ మధ్య అతని ఫోన్‌కు ఏదో కొత్త అప్పు ఇస్తామని మెసేజ్ వస్తే ఆమె చూసి, ఇదేంటని అడిగిందట. అతను ఫోన్ ఆమె చేతిలో పెట్టి, చూసుకో అని స్నానానికి వెళ్లాడట. ‘చూశావా అమ్మా?’ అని మేము అడిగితే, ‘చూశానండీ, మొత్తం చూశాను’ అని నవ్వింది.